మూరెడు దూరంలో ఉగాది

నిరుడు ఉగాది పొద్దున ఆరున్నరకు మా పెదనాన్న ఫోన్ చేశాడు.

"ఒరేయ్, గ్రూపులో ఏదో పంపావు గదా. వేపపువ్వు కనబడింది, మామిడికాయ కనబడింది. కింద చీమల బారులా ఏదో ఉంది. ఏం రాశావురా?"

నేను రాసిందేమీ లేదు. ఎవరో తయారుచేసిన బొమ్మ, నాకు నచ్చి ఫార్వర్డ్ చేశానంతే. అయినా పెద్దాయన అడిగాడు కదా అని తెరిచి చదవడం మొదలుపెట్టాను. షడ్రుచుల మీద ఎనిమిది వరుసలు. తీపి సంతోషం, చేదు కష్టం, ఇలా సాగిపోతోంది. ఎనిమిదో వరుసకు వచ్చేసరికి అది రుచుల గురించి కాదని తెలిసింది. పాత ప్రెషర్ కుక్కర్ తెస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తామని ఒక దుకాణం వాళ్ళ ప్రకటన. గొంతులో ఉన్నదాన్ని ఆపుకోలేక అది కూడా చదివేశాను. పెదనాన్న కాసేపు ఊరుకుని, "పచ్చడికి కుక్కరెందుకురా?" అన్నాడు.

మా కుటుంబం గ్రూపులో ముప్పై నాలుగు మందిమి. అందులో పదకొండుగురు అరవై దాటినవాళ్ళు. పండగనాడు గ్రూపు చూసేది ముఖ్యంగా వాళ్ళే. మిగతావాళ్ళం బొమ్మ పడగానే ఒక దణ్ణం గుర్తు పెట్టి ముందుకు పోతాం. పెదనాన్నకు డెబ్భై ఎనిమిది. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకంటికి కాలేదు. ఫోన్‌ను మూరెడు దూరాన పట్టుకుంటాడు. బొమ్మను తాకి పెద్దది చేసుకోవడం ఆయనకు రాదని కాదు, తాకితే ఎక్కడికో పోతుందని భయం. ఒకసారి అలా తాకే ఎవరికో వీడియో కాల్ వెళ్ళిపోయింది.

అంటే ఆయన చూసే ఉగాది బొమ్మా, నేను చూసే ఉగాది బొమ్మా ఒకటి కావు. నేను వేలితో తాకి, తెర నిండా తెరిచి, బాగుందనుకుని పంపుతాను. ఆయన చాట్‌లో కనబడే చిన్న పెట్టెలోనే చూస్తాడు. స్కేలు పెట్టి కొలిచాను. నా ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, చాట్‌లో బొమ్మకు దక్కేది సుమారు ఐదు. ఇక లెక్క సులువు. 'ఉగాది శుభాకాంక్షలు' అంటే ఎనిమిది అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. బొమ్మ వెడల్పంతా ఆ మాటే ఉంటే ఒక్కో అక్షరానికి ఐదు మిల్లీమీటర్ల పైన చోటు వస్తుంది. అదే షడ్రుచుల వచనంలో వరుసకు ఇరవై ఐదు అక్షరాలు ఉన్నాయి. ఒక్కోదానికి రెండు మిల్లీమీటర్లు, ఇంచుమించు బియ్యపు గింజ మందం. మన లిపిలో అక్షరం ఒక్కటే ఉండదు కదా, కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము. గింజంత అక్షరానికి వేలాడే వత్తు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ద కీ ధ కీ, డ కీ ఢ కీ, ప కీ ఫ కీ తేడా అంతా కింద ఉండే ఒక చిన్న గీతే. చిన్న సైజులో ముందుగా మాయమయ్యేది ఆ గీతే.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మా పెదనాన్న ఫోన్లో అక్షరాల సైజు బాగా పెంచి ఇచ్చాం. వాట్సాప్‌లో మనం టైపు చేసిన ఏ మాటైనా ఆయనకు పెద్దగా కనబడుతుంది. కానీ బొమ్మలో ఉన్న అక్షరం అక్షరం కాదు, అదీ బొమ్మే. సెట్టింగ్‌లో ఎంత పెంచినా అది పెరగదు. ఫోన్ కొనిచ్చిన మనవడు సైజు పెంచేశాను కదా అని నిశ్చింతగా ఉంటాడు, తాతకు పండగ బొమ్మలు మాత్రం చీమల బారులానే ఉంటాయి.

నిలువు బొమ్మలతో మరో తంటా. స్టేటస్ కోసం తయారుచేసేవి వెడల్పుకు దాదాపు రెండింతలు పొడవుంటాయి. చాట్‌లో అంత పొడవు చూపించరు, పైనా కిందా కోసి నడిమి భాగమే చూపిస్తారు. 'ఉగాది శుభాకాంక్షలు' పై అంచున ఉంటే అది పోయి, నడుమ ఉన్న పచ్చడి గిన్నె మిగులుతుంది. తాకి తెరిచేవాడికి ఇబ్బంది లేదు. తెరవనివాళ్ళకు మాత్రం ఎవరో పొద్దున్నే గిన్నె ఫొటో పంపినట్టుంటుంది. అందుకే చదరంగా ఉన్నదో, చదరానికి దగ్గరగా ఉన్నదో ఎంచుకుంటే మేలు.

మసక సంగతి వేరు. బొమ్మ తయారైనప్పుడు బాగానే ఉంటుంది, మన దాకా వచ్చేలోపల చెడుతుంది. ఎక్కువగా చెడేది రెండుచోట్ల. మొదటిది వెతుకులాటలో. 'ఉగాది శుభాకాంక్షలు' అని కొడితే వరుసగా వచ్చే చిన్న చిన్న బొమ్మలు అసలువి కావు, వాటి నమూనాలు. వెడల్పున రెండు మూడు వందల చుక్కలు ఉంటాయంతే. అక్కడే వేలు నొక్కిపట్టి సేవ్ చేస్తే దిగేది ఆ నమూనానే. బొమ్మ ఉన్న పేజీ దాకా వెళ్ళి దించుకోవాలి. రెండోది స్క్రీన్‌షాట్. ఎవరి స్టేటస్‌లోనో నచ్చిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి, అంచులు కోసి, మళ్ళీ పంపుతాం. మామూలు నాణ్యతలో వాట్సాప్ ఫొటోను కుదించే పంపుతుంది. HD గుర్తు నొక్కితే తక్కువ కుదిస్తుంది. ఒకరు కుదించినదాన్ని ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి మళ్ళీ పంపితే ఇంకోసారి కుదింపు. నాలుగు చేతులు మారేసరికి అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మురికి చుక్కలు తేలతాయి. ఆ చుక్కలు కనబడ్డాయంటే అది చాలా ఇళ్ళు తిరిగొచ్చిన బొమ్మ అన్నమాట.

స్క్రీన్‌షాట్ లేకుండా నేరుగా ఫార్వర్డ్ చేస్తే బొమ్మ ఉన్నదున్నట్టు వెళ్తుంది. కానీ ఎన్నో చేతులు దాటి వచ్చినదైతే పైన జంట బాణాలు, Forwarded many times అన్న ముద్ర పడుతుంది. నాణ్యత నిలుస్తుంది, ఆప్యాయత కాస్త పలచబడుతుంది. మా అత్తయ్య ఆ బాణాలు చూసి, "ఊరందరికీ పంచగా మిగిలిన ప్రసాదం" అంటుంది. ముద్ర పోవాలని గ్యాలరీలోంచి మళ్ళీ పంపితే మళ్ళీ కుదింపు. రెండూ కావాలంటే మొదటి చోటు నుంచి మనమే దించుకుని, HDలో పంపడమొక్కటే దారి.

దించుకున్నది పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి కళ్ళను నమ్మక్కర్లేదు. గ్యాలరీలో బొమ్మను పైకి తోస్తే వివరాలు వస్తాయి. 1080 × 1080 అని ఉంటే ఢోకా లేదు. వెడల్పు 600 దాటకపోతే నేను పక్కన పెట్టేస్తాను.

ఇక రంగులు. ఉగాదితో వచ్చిన చిక్కేమిటంటే, పండగ రంగులన్నీ ఒకదానికొకటి పడవు. మామిడాకు పచ్చ మీద కుంకుమ ఎరుపు అక్షరాలు చూడ్డానికి ఎంతో శుభంగా ఉంటాయి, చదవడానికి మాత్రం రావు. కంటికి అక్షరం అంచు తెలియాలంటే రంగు తేడా చాలదు, వెలుతురు తేడా ఉండాలి. ఆ తేడాను కొలవడానికి ఒక నిష్పత్తి ఉంది. తెర మీద అచ్చమైన తెలుపు మీద అచ్చమైన నలుపు 21:1. చదివే అక్షరాలకు కనీసం 4.5, బాగా పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని వెబ్ పేజీల ప్రమాణాలు చెబుతాయి. అచ్చమైన ఎరుపునూ ఒక మోస్తరు ఆకుపచ్చనూ పెట్టి లెక్క కడితే 1.3 వచ్చింది. వెలుతురు పరంగా రెండూ దాదాపు ఒకటే. పసుపు మీద తెలుపు ఇంకా అన్యాయం, 1.1 కూడా రాదు. పసుపు మీద ముదురు కుంకుమ, అంటే మెరూన్, వేస్తే మాత్రం 7 దాటుతుంది. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టిన మన పూర్వీకులు నిష్పత్తి కట్టి ఉండరు గానీ, దూరం నుంచి కనబడేది ఏదో వాళ్ళకు తెలుసు.

ఎరుపు పచ్చల జంటకు ఇంకో శాపం కూడా ఉంది. ఫొటో ఫైళ్ళు స్థలం మిగల్చడానికి వెలుతురును వివరంగా, రంగును మోటుగా దాచుకుంటాయి. ముగ్గులో పిండి గీత సన్నగా గీసి, రంగులు మాత్రం గుప్పిటతో చల్లినట్టు. నలుపు అక్షరం తెల్లటి మీద ఉంటే గీత నిలుస్తుంది కాబట్టి అంచు పదునుగానే ఉంటుంది. పచ్చ మీది ఎరుపుకు గీత లేదు, ఉన్నదంతా రంగే. అది అటూ ఇటూ ఒలికి అక్షరం అలుక్కుపోతుంది. అందుకే ఒకే బొమ్మలో నల్ల అక్షరాలు బాగుండి ఎర్ర అక్షరాలు మసకబారడం చూస్తుంటాం.

శుక్లం ఉన్న కంటికి ఇదంతా రెండింతలు కష్టం. కంటిలోని కటకం పసుపుబారి మసకేస్తుంది, వెలుతురును చెదరగొడుతుంది. బంగారు తళుకులు, అక్షరాల చుట్టూ తెల్లని కాంతి వలయాలు మనకు అలంకారం, వాళ్ళకు ఎదుటి బండి లైటు. పెదనాన్నే ఒకసారి చెప్పాడు, కుడికంటితో చూస్తే తెల్లచొక్కా, ఎడమకంటితో చూస్తే ఉతకని చొక్కా అని.

నాకు రంగుల లెక్కలు రావనేవాళ్ళకు సులువైన పరీక్ష ఉంది. గ్యాలరీలో బొమ్మను ఎడిట్‌లో తెరిచి, ఫిల్టర్లలో నలుపు తెలుపు ఎంచుకుని చూడండి. అక్షరాలు అప్పుడూ నిలబడితే సరే. బూడిదలో కలిసిపోతే వదిలేయండి. చూశాక సేవ్ చేయకుండా బయటికి రండి, లేకపోతే ఉగాదికి బూడిదరంగు బొమ్మ పంపినవాళ్ళవుతారు.

ఇదంతా మనసులో ఉంచుకుని ఈ ఏడాది ఉగాదికి, అంటే 2026 మార్చి 19కి, ముందురోజు రాత్రే కూర్చున్నాను. మూడు బొమ్మలు మిగిలాయి. వాట్సాప్‌లో మనకు మనమే మెసేజ్ పంపుకునే వీలుంది కదా, మూడింటినీ నాకే పంపుకున్నాను. తెరవకుండా, ఫోన్ మూరెడు దూరాన పట్టుకుని, కళ్ళద్దాలు తీసేసి చూశాను. నాకు యాభై రెండు, అద్దాలు తీస్తే పెదనాన్నకు కాస్త దగ్గరవుతాను.

మొదటిది డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు పంపింది. నిలువు బొమ్మ, మట్టిపాత్రలో పచ్చడి, మీద వేపపువ్వు రాలుతున్నట్టు. నోరూరేలా ఉంది. అక్షరాలు లేత పసుపు, ఫొటో మీదే రాశారు. మూరెడు దూరంలో పాత్ర కనబడింది, మాట కనబడలేదు.

రెండోది చదరం, పెద్ద అక్షరాలు, ముదురు పచ్చ మీద తెలుపు. కంటికి ఏ లోపమూ లేదు. దాన్నే పంపేవాణ్ణి. తెరిచి చూస్తే కింద 'శ్రీ విశ్వావసు నామ సంవత్సర' అని ఉంది. అది నిరుటిది. సంవత్సరాల పేర్లు ఏటా మారతాయి: 2024లో క్రోధి, 2025లో విశ్వావసు, ఇప్పుడు పరాభవ. ఉగాది బొమ్మకు ఉన్న ప్రత్యేకమైన గండం ఇదే. సంక్రాంతి బొమ్మ నిరుటిదైనా ఎవరూ పట్టుకోలేరు. ఉగాదిది మాత్రం ఏడాది దాటితే పాచిపోతుంది. పైగా రోజూ సంకల్పంలో సంవత్సరం పేరు చెప్పుకునే పెద్దవాళ్ళు గ్రూపులో ఉంటే, ఆ పొరపాటు ఒక్క నిమిషం కూడా దాగదు.

దుకాణం పేర్లు, నాయకుల ఫొటోలు కూడా కింది అంచునే ఉంటాయి, కాబట్టి ఆ మూల ఒకసారి వేలితో పెద్దది చేసి చూడటం తప్పనిసరి. కుక్కర్ దెబ్బ తిన్నవాణ్ణి చెబుతున్నాను. మా గ్రూపులో ఒక వినాయక చవితి నాడు వినాయకుడి పక్కన ఒక నాయకుడు చేతులు జోడించి నిలబడ్డాడు. నిమజ్జనం దాకా ఇద్దరు బావమరుదులు మాట్లాడుకోలేదు.

మూడోది మా అన్నయ్య కూతురి మాటల్లో "హార్డ్‌వేర్ షాపు బోర్డు, బాబాయ్". లేత పసుపు నేల, పైన ఒక మామిడి తోరణం, నడుమ రెండు వరుసల్లో మెరూన్ రంగు అక్షరాలు: 'ఉగాది శుభాకాంక్షలు'. అంతే. 1080 × 1080. నలుపు తెలుపులో చూసినా నిక్కచ్చిగా నిలబడింది. అద్దాలు లేకుండా, మూరెడు దూరాన, చదవాలని ప్రయత్నించకముందే చదివేశాను.

అయినా అక్షరాలను ఒక్కొక్కటిగా చూశాను. 'శుబాకాంక్షలు' అని వత్తు లేకుండా రాసినవి, 'హార్దిక'ను 'హార్ధిక' చేసినవి ఎన్నో తిరుగుతుంటాయి. ఇంకొక రకం తప్పు మనిషిది కాదు, సాఫ్ట్‌వేర్‌ది. తెలుగు అక్షరాలను కలపడం రాని పాత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 'శుభాకాంక్‌షలు', 'శ్‌రీ' అని వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. కుర్రవాళ్ళు దాన్ని కూడా సరిగ్గానే చదివేస్తారు. జీవితమంతా పలకా పుస్తకం మీద చదివిన మా అత్తయ్య మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోతుంది, తన కళ్ళకే ఏదో అయిందనుకుంటుంది.

మాట తీరు గురించి కూడా ఆ రాత్రి కాస్త ఆలోచించాల్సి వచ్చింది. మా అత్తయ్య ఇంట్లో కార్తీకంలో మామయ్య పోయారు. ఏడాది తిరగలేదు కాబట్టి వాళ్ళింట్లో ఈసారి పండగ లేదు. కానీ ఆమె గ్రూపులో ఉంది, పొద్దున్నే చూస్తుంది. 'ఆనందోత్సాహాలతో', 'సంబరాలు అంబరాన్నంటాలి' లాంటి మాటలున్న బొమ్మ ఆమె ముందు పడటం నాకు ఇష్టం లేకపోయింది. అలాగని పండగ బొమ్మే మానేస్తే అందరికీ ఆమె వల్లనే మానేసినట్టుంటుంది, అది ఇంకా బరువు. ఉత్త 'శుభాకాంక్షలు' అన్న మాటలో హడావుడి లేదు, అది ఎవరి ఇంటి గుమ్మంలోనైనా ఇమిడిపోతుంది. హార్డ్‌వేర్ షాపు బోర్డుకు ఆ రకంగా కూడా ఓటు పడింది.

మిగిలింది సంవత్సరం పేరు. మూడో బొమ్మలో అది లేదు. పెద్దవాళ్ళు తప్పక వెతుకుతారు. చిక్కేమిటంటే ఈ ఏటి పేరు పరాభవ. మామూలు మాటల్లో ఓటమి, అవమానం. పేజీ నిండా పెద్ద అక్షరాలతో 'పరాభవ శుభాకాంక్షలు' అని వేసిన బొమ్మలు కూడా వచ్చాయి, చదివితే ఎవరో శపించినట్టుంది. అలాగని మానేయడం కుదరదు. అరవై పేర్లలో మనకు నచ్చినవే ఉంచుకుందామంటే పంచాంగం ఒప్పుకోదు. కాబట్టి పేరును బొమ్మలో కాకుండా బొమ్మ కింద టైపు చేశాను:

'పెదనాన్నకు, అత్తయ్యలకు, అందరికీ శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. పెద్దలకు నమస్కారాలు.'

శ్రీ, నామ, సంవత్సర అనే మూడు మాటలు చుట్టూ ఉంటే పరాభవ పేరుగానే వినబడుతుంది, తిట్టులా వినబడదు. పైగా ఇది టైపు చేసిన మాట. పెదనాన్న ఫోన్లో ఆయనకు కావలసినంత పెద్దగా కనబడుతుంది. నిజం చెప్పాలంటే మా గ్రూపుకు బొమ్మ తోరణం లాంటిది, కింది రెండు వరుసలే పిలుపు.

HD నొక్కి ఆరు గంటలకు పంపాను. ఆరున్నర అయింది, ఫోన్ రాలేదు. ఏడయింది. చదవగలిగాడు కాబట్టి అడగలేదని సంతోషించాలో, చూడనే లేదని బెంగపడాలో తెలియక పచ్చడికి మామిడికాయ తరుగుతూ కూర్చున్నాను. ఏడుంబావుకు గ్రూపులో పెదనాన్న వాయిస్ మెసేజ్ పడింది. ముందు బొమ్మలోది చదివాడు, తరువాత కింద నేను రాసింది పొల్లు పోకుండా చదివాడు, వడిగా, ఎక్కడా ఆగకుండా. ఆ తరువాత గొంతు సవరించుకున్నాడు.

"అరవై ఏళ్ళకు మళ్ళీ వచ్చిందిరా పరాభవ. అరవై ఆరులో వచ్చినప్పుడు నేను పి.యు.సి. తప్పాను. మా నాన్న పేరు పెట్టి మరీ తిట్టాడు, సంవత్సరం పేరు పెట్టి."